ఏసీ కొనేముందు శ్లాబు లెక్క చూసుకుందాం

(పాలకొల్లులో రైతు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరెంటు మాట వస్తే చేల మోటార్లు, చెరువుల ఏరియేటర్ల దగ్గరే ఆగిపోతుంటాం. ఈ రోజు ఇంటి మీటరు గురించి మాట్లాడుకుందాం. దానికి కారణం ఉంది. పోయిన వేసవిలో మన సభ్యుడు ఒకాయన రెండు బిల్లులు పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. ఒకటి మార్చి నెలది, 150 యూనిట్లు. రెండోది మే నెలది, 310 యూనిట్లు. దాళ్వా ధాన్యం డబ్బు చేతికి రాగానే ఏప్రిల్‌లో ఒకటిన్నర టన్నుల ఏసీ వాయిదాల మీద తీసుకున్నారు. ఇంట్లో పెద్దావిడకు ఆయాసం. మన డెల్టాలో వేసవి ఉక్క సంగతి మీకు తెలుసు. గాలిలో అంత తేమ ఉన్నప్పుడు కూలర్ పెట్టినా గది చెమ్మగిల్లుతుందే తప్ప చల్లబడదు. అందుకని ఏసీ తీసుకున్నారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

"నెలకు ఐదారు వందలు ఎక్కువ వస్తుందని లెక్క వేసుకున్నానండీ. పన్నెండు వందలు దాటింది. రీడింగు తప్పు వేశారు, ఒక అర్జీ రాసి పెట్టండి" అన్నారు. మేం అర్జీ రాసేముందు ఆయన లెక్క ఎలా వేశారో అడిగాం. మార్చిలో 150 యూనిట్లకు కరెంటు చార్జీ 567 రూపాయలు. అంటే యూనిట్ 3 రూపాయల 78 పైసలు. ఏసీకి నెలకు 144 యూనిట్లు అవుతాయని దుకాణంలో చెప్పారు. ఆ 144ను 3.78తో గుణిస్తే 544 రూపాయలు వచ్చింది. కూడికలు, గుణకారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా ఒక్కచోటే జరిగింది. కొత్త వస్తువు ఖర్చును పాత బిల్లు సగటు ధరతో లెక్కగట్టారు. మనలో చాలామందిమి చేసే పొరపాటు ఇదే.

శ్లాబులు ఎలా పనిచేస్తాయో ముందు చూద్దాం. మన జిల్లా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఏపీఈపీడీసీఎల్ పరిధిలో ఉంది. రేట్లు మాత్రం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది. 2022-23 టారిఫ్ ఉత్తర్వులో గృహ వినియోగానికి ఇచ్చిన శ్లాబులు ఇవి:

మొదటి 30 యూనిట్లు: యూనిట్ 1.90 రూపాయలు
31 నుంచి 75 వరకు: 3.00 రూపాయలు
76 నుంచి 125 వరకు: 4.50 రూపాయలు
126 నుంచి 225 వరకు: 6.00 రూపాయలు
226 నుంచి 400 వరకు: 8.75 రూపాయలు
400 దాటిన ప్రతి యూనిట్‌కు: 9.75 రూపాయలు

దీన్ని మెట్ల మీద నడకలా అనుకోండి. మొదటి 30 యూనిట్లు ఎవరింట్లో అయినా 1.90కే వస్తాయి. తర్వాతి 45 యూనిట్లు మూడు రూపాయలకు. ఏ మెట్టు మీది యూనిట్లకు ఆ మెట్టు ధరే పడుతుంది. పై మెట్టు ఎక్కామని కింద మెట్ల ధర మారదు. "225 దాటితే బిల్లంతా 8.75 చొప్పున వేస్తారు" అని ఊళ్లో ఒక మాట ఉంది. అది ఇప్పటి పద్ధతిలో నిజం కాదు. 226వ యూనిట్‌కు 8.75 పడుతుంది, దానికి ముందున్న 225 యూనిట్లకు పాత లెక్కే ఉంటుంది. ఆ మాట ఊరికే పుట్టలేదు లెండి. 2022కు ముందు వినియోగదారులను 75 యూనిట్ల లోపు, 75 నుంచి 225 వరకు, 225 పైన అని మూడు గ్రూపులుగా విడగొట్టేవారు. గ్రూపు మారితే కింది యూనిట్ల ధర కూడా మారిపోయేది. ఒక్క యూనిట్ తేడాకు బిల్లు ఎగిరిపడేది. ఆ భయం ఇంకా మిగిలి ఉంది.

ఇప్పుడు మన సభ్యుడి మార్చి బిల్లు చూద్దాం. మొదటి 30 యూనిట్లకు 57 రూపాయలు. తర్వాతి 45 యూనిట్లకు 135. ఆ తర్వాతి 50 యూనిట్లకు 225. మిగిలిన 25 యూనిట్లు ఆరు రూపాయల మెట్టు మీద ఉన్నాయి, వాటికి 150. మొత్తం 567. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చవక యూనిట్లన్నీ ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, మోటారు ముందే వాడేశాయి. ఏసీ ఇంట్లోకి వచ్చేసరికి ఆ ఇల్లు ఆరు రూపాయల మెట్టు మీద నిలబడి ఉంది. ఏసీ వాడే మొదటి యూనిట్టే ఆరు రూపాయలు. ఆ మెట్టు మీద ఇంకా 75 యూనిట్లకే చోటుంది. అవి అయిపోతే 8.75.

కాబట్టి దుకాణంలో చెప్పిన 144 యూనిట్లనే తీసుకున్నా లెక్క ఇలా ఉంటుంది. 75 యూనిట్లు ఆరు చొప్పున 450 రూపాయలు. మిగిలిన 69 యూనిట్లు 8.75 చొప్పున 603.75. మొత్తం 1,053.75 రూపాయలు. ఆయన అనుకున్నది 544. దాదాపు రెట్టింపు. ఏసీకి యూనిట్ ధర ఆయన దృష్టిలో 3.78, నిజానికి 7.32 పడింది.

మీరు ఏ వస్తువు కొన్నా ఇదే పద్ధతి. ముందు పాత బిల్లులో మీ ఇల్లు ఏ మెట్టు మీద ఆగిందో చూడండి. అక్కడి నుంచి కొత్త యూనిట్లను పైకి పేర్చుకుంటూ పోండి. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి వచ్చిన సగటును పక్కన పడేయండి. పాత బిల్లు తీసుకునేటప్పుడు రీడింగు తేదీలు కూడా చూడండి. రెండు రీడింగుల మధ్య 34 రోజులు ఉంటే, యూనిట్లను 34తో భాగించి 30తో గుణించుకుని నెల లెక్కకు తెచ్చుకోండి. లేకపోతే మీ మెట్టునే తప్పుగా అంచనా వేస్తారు. అలాగే వేసవిలో కొనే వస్తువుకు వేసవి బిల్లే ఆధారం కావాలి. జనవరి బిల్లు పెట్టుకుని మే నెల లెక్క వేయకూడదు. ఫ్యాన్లు తిరగని నెలలో ఇల్లు కింది మెట్టు మీద కనిపిస్తుంది.

అదే ఏసీ వేర్వేరు ఇళ్లలో ఎంత అవుతుందో చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. నెలకు 60 యూనిట్లు వాడే చిన్న ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటికి 144 యూనిట్ల ఏసీ వస్తే 15 యూనిట్లు మూడు రూపాయలకు, 50 యూనిట్లు నాలుగున్నరకు, మిగిలిన 79 యూనిట్లు ఆరుకు పడతాయి. మొత్తం 744 రూపాయలు. మన సభ్యుడి ఇంట్లో 1,053. అప్పటికే 300 యూనిట్లు వాడే ఇంట్లో అయితే వంద యూనిట్లు 8.75కు, 44 యూనిట్లు 9.75కు పడి 1,304 అవుతుంది. ఏసీ ఒకటే, గంటలూ అవే. పక్కింటివాళ్లకు "మాకు ఏడు వందలే ఎక్కువైంది" అన్నంత మాత్రాన మనకూ అంతే అవుతుందని అనుకోవడానికి లేదు.

సరే, ధర సంగతి తేలింది. ఇక యూనిట్లు. ఈ 144 ఎక్కడి నుంచి వచ్చింది? ఏసీ మీద నక్షత్రాల స్టిక్కరు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ ఇచ్చే లేబుల్ అది. అందులో ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఒక అంకె ఉంటుంది. ఆ ఏడాది అంటే 1,600 గంటల వాడకం అని అర్థం. మన సభ్యుడి ఏసీ మీద 960 అని ఉంది. 960ని 1,600తో భాగిస్తే గంటకు 0.6 యూనిట్. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 గంటలు. 240ని 0.6తో గుణిస్తే 144. దుకాణంలో చెప్పింది అబద్ధం కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకటిన్నర టన్ను అంటే గంటకు ఒకటిన్నర యూనిట్ అనుకునేవాళ్లు ఉన్నారు. టన్ను అనేది గదిలోంచి ఎంత వేడి తీయగలదో చెప్పే కొలత. కరెంటు ఎంత తింటుందో తెలియాలంటే లేబుల్ మీది యూనిట్ల అంకె చూడాల్సిందే.

అయితే లేబుల్ అంకె నిర్ణీత పరీక్షలో తేలింది. మన ఇంట్లో తలుపు సందులు, పైన రేకు లేదా ఎండకు కాగిన శ్లాబు, గాలిలో తేమ, మురికి పట్టిన ఫిల్టరు, ఇవన్నీ అంకెను పెంచుతాయి. తేమను నీరుగా మార్చి బయటకు పంపడానికి కూడా ఏసీ కరెంటు ఖర్చు పెట్టాలి. అందుకే మన సభ్యుడి బిల్లులో 144 బదులు 160 యూనిట్లు పెరిగాయి. ఆ తేడా ఏసీదా, మీటరుదా అన్నది తేల్చుకోవాలి కదా. దానికి ఆయన చేత ఒక చిన్న పరీక్ష చేయించాం.

ఒక రాత్రి ఏసీ వేసేముందు మీటరులో kWh అని వచ్చినప్పుడు కనిపించే అంకె రాసుకున్నారు. తెల్లవారి ఏసీ ఆపాక మళ్లీ రాసుకున్నారు. తేడా 6.3 యూనిట్లు. మరుసటి రాత్రి పెద్దావిడను కూతురి ఇంట్లో పడుకోబెట్టి, ఏసీ లేకుండా అవే గంటల మధ్య చూశారు. ఫ్రిజ్, ఫ్యాన్లు కలిపి 1.2 యూనిట్లు తిరిగాయి. అంటే ఏసీ వాటా 5.1. ముప్పై రాత్రులకు 153 యూనిట్లు. మిగతా ఏడు యూనిట్లు మే నెల పగటి ఫ్యాన్లవి. 160కి సరిపోయింది. రీడింగులో తప్పు లేదని ఆయనే ఒప్పుకున్నారు. అర్జీ అవసరం లేకపోయింది.

మీటరునే అనుమానించేవాళ్లకు ఇంకొక దారి ఉంది. మీటరు ముఖం మీద 3200 imp/kWh వంటి అంకె ముద్రించి ఉంటుంది. పక్కనే ఎర్ర లైటు మినుకుమంటుంది. 3,200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్ అని దాని అర్థం. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే అదే వాడండి. ఇంట్లో అన్నీ ఆపేసి చూడండి. లైటు ఇంకా మినుకుమంటుంటే ఎక్కడో కరెంటు పోతోంది, వైరింగు చూపించాలి. తర్వాత ఏసీ ఒక్కటే వేసి, గది చల్లబడ్డాక, అంటే ఓ గంట తర్వాత, పది నిమిషాల పాటు లెక్కపెట్టండి. నిమిషానికి సగటున 34 సార్లు మినుకుమంటే గంటకు 2,040 సార్లు. దాన్ని 3,200తో భాగిస్తే గంటకు 0.64 యూనిట్. ఈ అంకె లేబుల్‌కు దగ్గరగా ఉండి, బిల్లు మాత్రం దానికి పొంతన లేకుండా వస్తే, అప్పుడు మీటరు పరీక్షకు దరఖాస్తు పెట్టడంలో అర్థం ఉంది.

ఆయన రెండో ప్రశ్న అడిగారు. "ఐదు నక్షత్రాలది కొనాల్సిందా?" దీనికీ జవాబు మెట్టులోనే ఉంది. లేబుల్ మీద 768 ఉన్న ఏసీ గంటకు 0.48 యూనిట్ తింటుంది. 240 గంటలకు 115 యూనిట్లు. దీనికీ దానికీ తేడా 29 యూనిట్లు. వాడకం తగ్గితే తెగిపోయేది ఎప్పుడూ పై మెట్టు యూనిట్లే. ఆయనకు ఆ 29 యూనిట్లూ 8.75వి. నెలకు సుమారు 250 రూపాయలు మిగిలేవి. ఏడాదిలో నాలుగు నెలలు వాడితే వెయ్యి. రెండు ఏసీల ధరలో తేడా ఆరు వేలైతే ఆరేళ్లకు తీరుతుంది, పది వేలైతే పదేళ్లు పడుతుంది. 60 యూనిట్ల ఇంట్లో ఆ 29 యూనిట్లు ఆరు రూపాయలవే, నెలకు 174 మిగులుతుంది. అప్పు మీద కొనేవాళ్లు వడ్డీ కూడా కలిపి చూసుకోవాలి. అందరూ ఐదు నక్షత్రాలదే కొనాలని గానీ, వద్దని గానీ మేం చెప్పడం లేదు. మీ మెట్టు ధరతో లెక్క వేసుకుని నిర్ణయించుకోండి.

కొనేశాక కూడా చేతిలో పని ఉంది. రాత్రికి రెండు గంటలు తగ్గిస్తే నెలకు 36 యూనిట్లు తగ్గుతాయి. మన సభ్యుడికి అవి 8.75వి కాబట్టి 315 రూపాయలు. తెల్లవారుజామున మూడింటికి ఆగేలా టైమరు పెట్టుకున్నారు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అవుతుందని ఆ ఇంధన సామర్థ్య సంస్థే చెబుతుంది. ఆయన 20లో పెట్టుకునేవారు, పెద్దావిడకు చలేసి దుప్పటి కప్పుకునేది. ఇప్పుడు 25లో పెట్టి ఫ్యాను సన్నగా తిప్పుతున్నారు.

శ్లాబు చార్జీతో బిల్లు పూర్తి కాదు. స్థిర చార్జీ కిలోవాట్‌కు నెలకు పది రూపాయలు. అది మీ ఒప్పంద లోడును బట్టి ఉంటుంది. ఏసీ పెట్టాక వాడకం ఆ లోడు దాటితే మీటరులో నమోదవుతుంది. అదనపు లోడుకు డబ్బు కట్టమని నోటీసు వస్తుంది. ఆ ఖర్చును కూడా కొనేముందే గుర్తుపెట్టుకోవాలి. విద్యుత్ సుంకం ఇళ్లకు యూనిట్‌కు ఆరు పైసలు. ఇక ఇంధన సర్దుబాటు చార్జీ. ఇది శ్లాబుతో సంబంధం లేకుండా ప్రతి యూనిట్ మీదా పడుతుంది, ఎప్పటికప్పుడు మారుతుంది. ఆయన మే బిల్లులో అది యూనిట్‌కు 40 పైసలు ఉంది. సుంకంతో కలిపి 46 పైసలు. పెరిగిన 160 యూనిట్లకు 74 రూపాయలు. శ్లాబు చార్జీలో పెరుగుదల 1,193.75. రెండూ కలిపితే 1,267. ఆయన చెప్పిన "పన్నెండు వందలు దాటింది" అన్నది ఇదే. మీరు లెక్క వేసేటప్పుడు మీ చివరి బిల్లులో సర్దుబాటు ఎంత ఉందో చూసి, మెట్టు ధరకు కలపండి. 200 యూనిట్ల వరకు ఉచితం పొందుతున్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల లెక్క వేరుగా ఉంటుంది. వారు ఏ వస్తువైనా కొనేముందు ఆ పథకం షరతులను సెక్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

చివరిగా ఒక మాట. 2022లో రేట్లు పెంచినప్పుడు 30 యూనిట్ల లోపు మెట్టు మీద 45 పైసలు పెరిగింది. 400 పైన మెట్టు మీద 55 పైసలు. 76 నుంచి 125 మధ్య 1.40, 126 నుంచి 225 మధ్య 1.57 పెంచారు. ఒక ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, ఒక నీళ్ల మోటారు ఉన్న ఇల్లు నిలబడేది సరిగ్గా ఆ మధ్య మెట్ల మీదే. అంటే మన ఇళ్లే. ఏటా నవంబరు నెలాఖరుకు డిస్కంలు తమ ఆదాయ అవసరాల నివేదిక మండలికి ఇస్తాయి. తర్వాత అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణ జరుపుతారు, మార్చి నెలాఖరులోగా కొత్త రేట్లు ప్రకటిస్తారు. "చార్జీలు ఎక్కువయ్యాయి" అని ఒక్క ముక్కలో రాసిస్తే దానికి బరువుండదు. "మా ఇల్లు 150 యూనిట్లది, 126 నుంచి 225 మెట్టు మాకు ఇంత భారం వేసింది" అని బిల్లుతో సహా రాయాలి.

అందుకని ఒక పని చేద్దాం. ఇంటికి వెళ్లాక గత పన్నెండు నెలల బిల్లులు ఒక దారానికి గుచ్చండి. ఒక్కోదాని మీద యూనిట్లు ఎన్ని, ఏ మెట్టు మీద ఆగాయి అన్నది పెన్సిలుతో రాయండి. వచ్చే నెల సమావేశానికి వాటిని తీసుకురండి. వస్తువు కొనాలనుకునేవాళ్లకు అక్కడే లెక్క వేసి చూద్దాం. మిగిలినవాటిని మన అభ్యంతర పత్రానికి జతచేద్దాం.